లెక్కపెట్టగలిగితే చాలు, గుణకారంలో వరస మరచిపోవచ్చు

ఎక్కాలు వల్లించే వయసులోనే మనకొక సంగతి తెలిసిపోతుంది. మూడైదులు పదిహేనైతే అయిదుమూళ్ళూ పదిహేనే. గుణించేటప్పుడు ఏది ముందు, ఏది వెనక అన్న పట్టింపు లేదు. గణితంలో దీన్ని వినిమయ ధర్మం అంటారు. ఇంటర్‌లో మాత్రికలు చదివినవాళ్ళకు మాత్రం ఈ నమ్మకం కాస్త కదులుతుంది. A, B అనే రెండు మాత్రికలను తీసుకుంటే AB వేరు, BA వేరు కావచ్చు. మాత్రికలకు ఇంకో లోపం కూడా ఉంది. సున్న కానంత మాత్రాన ప్రతి మాత్రికకూ విలోమం దొరకదు, కాబట్టి భాగహారం అన్నివేళలా సాగదు.

ఇక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం నాలుగూ చక్కగా సాగాలి. సున్నతో తప్ప దేనితోనైనా భాగించగలగాలి. అయినా గుణకారంలో వరస మారితే ఫలితం మారాలి. అలాంటి సంఖ్యల వ్యవస్థ ఉంటుందా? నాలుగు పరిక్రియలూ సాగి, వరస సంగతి మాత్రం తేల్చకుండా వదిలేసిన వ్యవస్థను డివిజన్ రింగ్ అంటారు. వరస కూడా పట్టింపు లేకపోతే దాన్నే క్షేత్రం అంటారు. అంటే మన ప్రశ్న ఇది: క్షేత్రం కాని డివిజన్ రింగ్ ఉందా?

ఉంది. 1843 అక్టోబరు 16న డబ్లిన్‌లో కాలువ గట్టున నడుస్తుండగా విలియం రోవన్ హామిల్టన్‌కు అది తట్టింది. మామూలు సంఖ్యలకు i, j, k అనే మూడు కొత్త గుర్తులు చేర్చాడు. ఒక్కొక్కదాని వర్గం −1. ij చేస్తే k వస్తుంది, ji చేస్తే −k వస్తుంది. a + bi + cj + dk రూపంలో ఉండే ఈ సంఖ్యలను క్వాటర్నియన్లు అంటారు. వీటిలో భాగహారం ఎక్కడా ఆగదు, వరస మారితే మాత్రం గుర్తు మారిపోతుంది.

క్వాటర్నియన్లు అనంతంగా ఉన్నాయి. మరి పరిమితంగా, అంటే ఏ అరవై నాలుగో, ఎనభై ఒకటో సంఖ్యలు మాత్రమే ఉన్న డివిజన్ రింగ్‌లో వరస పట్టింపు ఉండవచ్చా? ఉండదని 1905లో స్కాట్లండ్‌కు చెందిన జోసెఫ్ వెడర్‌బర్న్ ప్రకటించాడు. పరిమితమైన ప్రతి డివిజన్ రింగూ క్షేత్రమే. వరస మారినా ఫలితం మారకూడదని మనం షరతు పెట్టనక్కర్లేదు. సంఖ్యలు పరిమితంగా ఉన్నాయన్న ఒక్క కారణంతో ఆ ధర్మం తనంతట తానే వచ్చి తీరుతుంది.

నాకు ఈ సిద్ధాంతం ఇంత ఇష్టం కావడానికి కారణం దీని నిరూపణ. అందులో ఎవరూ ab, ba రెండూ సమానమని నేరుగా చూపించరు. కేవలం తలలు లెక్కపెడతారు, ఆ లెక్క పొసగదని తేలుస్తారు. ఆ లెక్క ఎలా సాగుతుందో చూసే ముందు, పరిమితమైన క్వాటర్నియన్లను మనమే తయారు చేయబోతే ఏమవుతుందో చూద్దాం.

పరిమితమైన సంఖ్యలు కావాలంటే గడియారం లెక్క చేయాలి. 3తో భాగించగా వచ్చే శేషాలు 0, 1, 2 మాత్రమే ఉంచుకుంటే, 2 + 2 అంటే 1 అవుతుంది, 3 అంటే సున్న అవుతుంది. ప్రధాన సంఖ్య p దేన్ని తీసుకున్నా ఆ శేషాల్లో భాగహారం చక్కగా సాగుతుంది. ఇప్పుడు a, b, c, d స్థానాల్లో 0, 1, 2 మాత్రమే పెట్టి క్వాటర్నియన్లు రాస్తే మొత్తం 81 వస్తాయి. ij, ji మళ్ళీ వేర్వేరే, ఎందుకంటే ఇక్కడ k, −k ఒకటి కావు. మరి భాగహారం? ఈ లబ్ధం చూడండి.

(1 + i + j)(1 − i − j) = 1 + 1 + 1 = 3 = 0

విప్పి రాస్తే ij, ji ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, i వర్గమూ j వర్గమూ చెరో ఒకటి ఇస్తాయి. సున్న కాని రెండు సంఖ్యలను గుణిస్తే సున్న వచ్చింది. అలాంటి సంఖ్యతో భాగించడం కుదరదు. భాగహారం కూలిపోయింది.

3 వదిలేసి 5 తీసుకుంటే (1 + 2i)(1 − 2i) = 5, అదీ సున్నే. 7 తీసుకుంటే 2 + i + j + k అడ్డొస్తుంది, ఎందుకంటే 4 + 1 + 1 + 1 = 7. ఏ ప్రధాన సంఖ్య తీసుకున్నా ఇదే గతి. ప్రతి ధన పూర్ణ సంఖ్యనూ నాలుగు వర్గాల మొత్తంగా రాయవచ్చని లగ్రాంజ్ 1770లోనే నిరూపించాడు. p అలా నాలుగు వర్గాల మొత్తమైతే, ఆ నాలుగు సంఖ్యలతో కట్టిన క్వాటర్నియన్‌కు భాగహారం తప్పిపోతుంది. (2కైతే ఇంత దూరం కూడా పోనక్కర్లేదు. అక్కడ k, −k ఒకటే కాబట్టి వరస తేడా ముందే మాయమవుతుంది.)

క్వాటర్నియన్లతో కాకపోతే ఇంకేదో తెలివైన పద్ధతిలో కుదరవచ్చు కదా అనిపిస్తుంది. ఒక్కో ప్రయత్నమూ విఫలమైందని చూపుతూ పోతే ఎప్పటికీ తెగదు. ఇంకా ఎవరికీ తట్టని పద్ధతులను కూడా ఒకేసారి తోసిపుచ్చే వాదన కావాలి. ఆ పని ఇప్పుడందరూ పాఠంగా చెప్పుకునే రూపంలో చేసినవాడు జర్మన్ గణితవేత్త ఎర్న్‌స్ట్ విట్. 1911లో పుట్టిన విట్ ఇరవై ఏళ్ళ వయసులో, 1931లో, హాంబర్గ్ విశ్వవిద్యాలయ గణిత పత్రికలో దాన్ని ప్రచురించాడు. అది ఒక్క పేజీ వ్యాసం.

D అనే పరిమితమైన డివిజన్ రింగ్ ఉందనుకుందాం. అందులో కొన్ని సంఖ్యలు మిగతా అన్నిటితోనూ పొత్తు కుదిరినవి, అంటే వాటిని ఎటువైపు నుంచి గుణించినా ఒకే ఫలితం వస్తుంది. 0, 1 ఎలాగూ అలాంటివే. అలాంటివన్నీ కలిపి కేంద్రం అంటారు. కేంద్రంలోని సంఖ్యలను తమలో తాము కూడినా, గుణించినా, భాగించినా కేంద్రం దాటి పోవు. అందుచేత కేంద్రం దానంతట అదే ఒక చిన్న క్షేత్రం. అందులో q సంఖ్యలు ఉన్నాయనుకుందాం. కనీసం 0, 1 ఉంటాయి కాబట్టి q విలువ 2 గానీ అంతకంటే ఎక్కువ గానీ అవుతుంది. D మొత్తం కేంద్రమే అని తేలితే మన పని అయిపోయినట్లే.

D లో మొత్తం ఎన్ని సంఖ్యలు ఉండవచ్చు? కేంద్రం బయట u అనే సంఖ్య దొరికిందనుకోండి. కేంద్రంలోంచి ఒక సంఖ్య, దానికి కేంద్రంలోని మరో సంఖ్యతో గుణించిన u కలిపితే, అలాంటి మొత్తాలు q × q వస్తాయి. భాగహారం సాగుతుంది కాబట్టి వీటిలో ఏ రెండూ ఒకటి కావు. ఒకటే అయితే తీసివేసి భాగించినప్పుడు u కేంద్రంలోకి వచ్చేస్తుంది. ఇవి సరిపోకపోతే ఇంకో సంఖ్యను తెస్తాం, అప్పుడు మొత్తం q³ అవుతుంది. ఇలా ఎక్కడో ఒకచోట D అంతా నిండిపోవాలి. కాబట్టి D లో సంఖ్యలు qⁿ. ఇందులో n ఒకటి అని తేల్చాలి. అంటే n ఒకటి కంటే ఎక్కువనుకుని, అది కుదరదని చూపాలి.

ఇప్పుడు తలలు లెక్కపెట్టే ఘట్టం. D లో a అనే సంఖ్యను పట్టుకుని, సున్న కాని ప్రతి x తోనూ xax⁻¹ కట్టి చూస్తాం. x, a రెండూ వరస మార్చుకోగలిగితే ఫలితం మళ్ళీ a నే వస్తుంది. లేకపోతే వేరేదేదో వస్తుంది. ఇలా a నుంచి పుట్టే సంఖ్యలన్నీ ఒక గుంపు. సున్న కాని సంఖ్యలన్నీ ఇలాంటి గుంపులుగా విడిపోతాయి, ఏ సంఖ్యా రెండు గుంపుల్లో ఉండదు. కేంద్రంలోని సంఖ్యలు మాత్రం ఒక్కొక్కటీ ఒంటరి గుంపు, ఎందుకంటే వాటిని ఏ x కదిలించలేదు.

గుంపులో ఎందరు ఉంటారన్నది a తో పొత్తు కుదిరినవి ఎన్ని ఉన్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. a తో వరస మార్చుకోగలిగే సంఖ్యలన్నీ కలిపి చూస్తే, అవి కూడా D లోపల ఒక చిన్న డివిజన్ రింగ్. అందులో కేంద్రం మొత్తం ఉంటుంది, కాబట్టి ముందు చేసిన లెక్క ప్రకారమే దాని పరిమాణం qᵈ. x, y అనే రెండు సంఖ్యలు a ను ఒకేచోటికి తీసుకెళ్ళాలంటే, y⁻¹x అనేది a తో పొత్తు కుదిరినదై ఉండాలి. అంటే ఒకే ఫలితం ఇచ్చే x లు qᵈ − 1 చొప్పున కట్టలుగా వస్తాయి. మొత్తం x లు qⁿ − 1. కాబట్టి గుంపులో ఉండే సంఖ్యలు

(qⁿ − 1) / (qᵈ − 1)

d ఏదంటే అది కాలేదు. కేంద్రం మీద D ని కట్టినట్లే, ఈ చిన్న డివిజన్ రింగ్ మీద కూడా D ని అంచెలంచెలుగా కట్టవచ్చు. అందుకని qⁿ అనేది qᵈ కి ఏదో ఒక ఘాతం కావాలి. అంటే d అనేది n కి కారణాంకం. a కేంద్రం బయటిదైతే దానితో పొత్తు కుదరనిది కనీసం ఒకటి ఉంటుంది కాబట్టి d, n కంటే చిన్నది.

ఇక గుంపులన్నీ కలిపితే మొత్తం రావాలి. ఒంటరి గుంపులు సున్నను వదిలేస్తే q − 1. మిగతావి పైన చెప్పిన పరిమాణాల్లో ఉంటాయి.

qⁿ − 1 = (q − 1) + Σ (qⁿ − 1) / (qᵈ − 1)

దీన్ని క్లాస్ ఈక్వేషన్ అంటారు. ఇంతవరకూ చేసింది జనాభా లెక్కలాంటి పని. ఎడమవైపు మొత్తం జనం, కుడివైపు ఇంటింటి లెక్క. ఈ రెండూ సరిపోతాయా అన్నదే ప్రశ్న.

సంఖ్యలు వేసి చూస్తే గాని దీని బలం తెలియదు. కేంద్రంలో 0, 1 మాత్రమే ఉండి, D లో 64 సంఖ్యలు ఉన్నాయనుకుందాం. అంటే q = 2, n = 6. సున్న కానివి 63. d విలువ 1, 2, 3 ల్లో ఏదో ఒకటి కావాలి. 64 అనేది 2కూ, 4కూ, 8కీ ఘాతం, 16కు గానీ 32కు గానీ కాదు అన్న మాటే ఇది. గుంపుల పరిమాణాలు వరసగా 63/1, 63/3, 63/7, అంటే 63, 21, 9. కాబట్టి

63 = 1 + (63లు కొన్ని) + (21లు కొన్ని) + (9లు కొన్ని)

ఒంటరిగా ఉన్న 1ని అవతలికి పంపితే, 63, 21, 9 నాణేలతో 62 రూపాయలు చిల్లర లేకుండా చెల్లించాలన్నట్లు. 63 ఎలాగూ పనికిరాదు. 21 ఒకటి వాడితే 41 మిగులుతుంది, రెండు వాడితే 20 మిగులుతుంది, ఒకటీ వాడకపోతే 62. వీటిలో ఏదీ 9 చేత భాగింపబడదు. కుదరదు. అసలు ఇంత వెతుకులాట కూడా అక్కర్లేదు. 63, 21, 9 మూడూ 3 గుణిజాలే, 62 కాదు. 64 సంఖ్యలున్న అలాంటి డివిజన్ రింగ్ ఉండే అవకాశమే లేదని ఈ ఒక్క 3 తేల్చేసింది.

ఇందాక క్వాటర్నియన్లతో కట్టబోయిన 81 సంఖ్యల వ్యవస్థను కూడా ఇలాగే తూకం వేయవచ్చు. అక్కడ కేంద్రంలో 0, 1, 2 ఉన్నాయి, q = 3, n = 4. సున్న కానివి 80, ఒంటరివి 2. d విలువ 1 లేదా 2 కాబట్టి గుంపులు 80/2 = 40, 80/8 = 10. మిగిలిన 78ని 40లతోనూ 10లతోనూ నింపాలి. నిండదు. 1 + i + j ఎక్కడుందో వెతక్కముందే, ఆ వ్యవస్థలో భాగహారం ఎక్కడో తప్పి తీరుతుందని 78 అనే సంఖ్య చెప్పేస్తుంది.

మొదటి లెక్కలో 3, రెండో లెక్కలో 10. ప్రతి గుంపు పరిమాణాన్నీ నిశ్శేషంగా భాగించేది, ఒంటరుల సంఖ్య q − 1 ని మాత్రం భాగించలేనిది అయిన ఒక సంఖ్య ప్రతిసారీ దొరుకుతుందా? q, n ఏవైనా సరే దొరుకుతుందని చూపితే సిద్ధాంతం నిరూపణ అయినట్లే. ఆ సంఖ్యను అందించేవే సైక్లోటోమిక్ బహుపదులు.

ఇంటర్‌లో ω చదువుకున్నవారికి ఇవి పాత చుట్టాలే. ఏ సంఖ్యను ఘనం చేస్తే 1 వస్తుంది? 1 ఒకటి, ω, ω² మరో రెండు. ఈ మూడూ సంకీర్ణ సంఖ్యల తలం మీద, వ్యాసార్ధం 1గా గీసిన వృత్తం మీద సమాన దూరాల్లో ఉంటాయి. అలాగే ఆరో ఘాతం 1 అయ్యే సంఖ్యలు ఆరు, అరవై డిగ్రీలకొకటి చొప్పున వృత్తం మీద కూర్చుంటాయి. అయితే ఈ ఆరుగురూ ఒక తరగతివాళ్ళు కాదు. సున్న డిగ్రీల దగ్గర ఉన్న 1కి మొదటి ఘాతమే 1. నూట ఎనభై దగ్గర ఉన్న −1కి రెండో ఘాతంతో 1 వస్తుంది. నూట ఇరవై, రెండు వందల నలభై దగ్గర ఉన్నవి ω, ω², వీటికి మూడో ఘాతం చాలు. అరవై, మూడు వందల డిగ్రీల దగ్గర ఉన్న రెండూ మాత్రమే ఆరో ఘాతం దాకా ఆగవలసినవి. ఈ నాలుగు రకాలను విడదీస్తే x⁶ − 1 నాలుగు ముక్కలవుతుంది.

x⁶ − 1 = (x − 1)(x + 1)(x² + x + 1)(x² − x + 1)

వీటిని Φ₁, Φ₂, Φ₃, Φ₆ అని రాస్తారు. కేవలం ఆరో ఘాతానికే 1 అయ్యే రెండు సంఖ్యలు మూలాలుగా ఉన్నది Φ₆, అంటే x² − x + 1. ఏ n తీసుకున్నా xⁿ − 1 ఇలాగే, n కారణాంకాల్లో ఒక్కొక్కదానికి ఒక్కో ముక్క చొప్పున విడిపోతుంది. మూలాలు సంకీర్ణ సంఖ్యలైనా, ఈ ముక్కల్లో గుణకాలన్నీ పూర్ణ సంఖ్యలే వస్తాయి. దానివల్ల x స్థానంలో పూర్ణ సంఖ్యను పెడితే విలువ కూడా పూర్ణ సంఖ్యే అవుతుంది. మన వాదనకు ఈ మాట చాలా ముఖ్యం, ఎందుకంటే మనం మాట్లాడుతున్నది నిశ్శేషంగా భాగించడం గురించి.

x = 2 పెట్టి చూడండి. 63 = 1 × 3 × 7 × 3. గుంపు పరిమాణం 21 కావాలంటే 63ను x² − 1 విలువతో, అంటే మొదటి రెండు ముక్కలతో భాగించాలి. 9 కావాలంటే x³ − 1 విలువతో, అంటే మొదటి, మూడో ముక్కలతో భాగించాలి. ఏ గుంపుకైనా ముందున్న మూడు ముక్కల్లో కొన్ని కొట్టివేతకు పోతాయి, చివరి ముక్క Φ₆ మాత్రం ఎప్పుడూ పోదు. ఎందుకు పోదంటే, d అనేది 6 కంటే చిన్నది కాబట్టి xᵈ − 1 లో Φ₆ ముక్క ఉండే వీల్లేదు. అందుకే 63, 21, 9 మూడింటిలోనూ ఆ 3 నిలిచి ఉంది.

ఇదే వాదన అన్ని సందర్భాల్లోనూ పనిచేస్తుంది. Φₙ(q) అనే పూర్ణ సంఖ్య qⁿ − 1 ని భాగిస్తుంది, ప్రతి పెద్ద గుంపు పరిమాణాన్నీ భాగిస్తుంది. క్లాస్ ఈక్వేషన్‌లో మిగిలింది q − 1 ఒక్కటే కాబట్టి దాన్నీ భాగించి తీరాలి.

భాగించలేదని చూపడానికి వృత్తం బొమ్మ ఒక్కటి చాలు. వృత్తం మధ్యబిందువు 0 దగ్గర ఉంది, వ్యాసార్ధం 1. సంఖ్యారేఖ మీద q అనే బిందువు వృత్తానికి కుడివైపున, బయట ఉంది. అక్కడి నుంచి చూస్తే వృత్తం మీద అన్నిటికంటే దగ్గర బిందువు 1. దాని దూరం q − 1. వృత్తం మీద మిగతా ఏ బిందువైనా అంతకంటే దూరమే. Φₙ మూలాల్లో 1 ఉండదు, ఎందుకంటే n ఒకటి కంటే పెద్దది. Φₙ(q) పరిమాణం అంటే q నుంచి ఆ మూలాలకున్న దూరాల లబ్ధమే. ఒక్కో దూరమూ q − 1 కంటే ఎక్కువ, q − 1 ఎలాగూ 1కి తగ్గదు. కాబట్టి వాటి లబ్ధం కూడా q − 1 కంటే ఎక్కువే. మన 64 లెక్కలో 2 నుంచి అరవై డిగ్రీల బిందువుకు దూరం √3, మూడు వందల డిగ్రీల బిందువుకూ √3. రెంటినీ గుణిస్తే సరిగ్గా 3. అదే మన 3.

ఒక పెద్ద సంఖ్య తనకంటే చిన్నదైన, సున్న కాని సంఖ్యను నిశ్శేషంగా భాగించలేదు. వైరుధ్యం వచ్చింది. n ఒకటి కంటే పెద్దదన్న ఊహే తప్పు. కాబట్టి D మొత్తం కేంద్రమే. అందులో అన్నీ అన్నిటితోనూ వరస మార్చుకుంటాయి.

64ను ఉదాహరణగా ఎంచుకోవడానికి మరో కారణం ఉంది. విట్‌కు ముందు ఈ సిద్ధాంతాన్ని నిరూపించినవాళ్ళు బహుపది ముక్క బదులు ఒక ప్రధాన సంఖ్య కోసం వెతికారు. qⁿ − 1 ని భాగిస్తూ, n కంటే చిన్న ఘాతాల్లో దేన్నీ భాగించని ప్రధాన సంఖ్య దొరికితే అదీ ఇదే పని చేస్తుంది. అలాంటిది దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది. దొరకనివి రెండే సందర్భాలు. ఒకటి, n = 2 అయి q + 1 అనేది 2కు ఘాతమైనప్పుడు. రెండోది సరిగ్గా ఈ 64. 63 కారణాంకాలు 3, 7 మాత్రమే, 3 ముందే 2² − 1 లో ఉంది, 7 ముందే 2³ − 1 లో ఉంది. కొత్త ప్రధాన సంఖ్య లేదు. అందుచేత ఆ దారిలో వెళ్ళినవాళ్ళు 64ను విడిగా పరిష్కరించుకోవాలి. బహుపదుల దారిలో ఆ బెడద లేదు. 63 = 1 × 3 × 7 × 3 అని రాసినప్పుడు రెండు 3లు వచ్చాయి కదా, ఒకటి Φ₂ ది, ఇంకోటి Φ₆ ది. ప్రధాన సంఖ్యలుగా చూస్తే అవి రెండూ ఒకటే. బహుపదులుగా చూస్తే వేర్వేరు. విట్ తెచ్చిన మెరుగు అంతా ఇందులోనే ఉందని నా అభిప్రాయం.

ఈ సిద్ధాంతం చరిత్ర నిరూపణ అంత సూటిగా లేదు. 1904–05లో వెడర్‌బర్న్ షికాగో విశ్వవిద్యాలయంలో ఉన్నాడు. అక్కడే ఉన్న లియొనార్డ్ డిక్సన్ కూడా ఇదే ప్రశ్న మీద పనిచేస్తున్నాడు. 1905 వ్యాసంలో వెడర్‌బర్న్ మూడు నిరూపణలు ఇచ్చాడు. మొదటిదానిలో ఒక లోపం ఉందని చాలా కాలం తర్వాత గుర్తించారు. డిక్సన్ కూడా అదే రోజుల్లో తన నిరూపణ ఇచ్చాడు. సిద్ధాంతానికి మాత్రం వెడర్‌బర్న్ పేరే నిలిచింది. డిక్సన్‌కు ఇంకాస్త గుర్తింపు దక్కవలసిందని నాకనిపిస్తుంది.

సిద్ధాంతం హద్దులు కూడా చూడాలి. సంఖ్యలు అనంతమైతే తలలు లెక్కపెట్టడం ఉండదు, క్లాస్ ఈక్వేషన్ రాయడానికే వీల్లేదు, అందుకే హామిల్టన్ సంఖ్యలు నిలిచాయి. ఇంకో షరతు అంతగా కంటికి కనబడదు. (ab)c, a(bc) ఒకటేనన్న సహచర ధర్మాన్ని మనం దారి పొడుగునా వాడుకున్నాం. xax⁻¹ అని బ్రాకెట్లు లేకుండా రాయడంలోనే అది ఉంది. దాన్ని వదిలేస్తే సిద్ధాంతం నిలవదు. భాగహారం సాగుతూనే, సహచర ధర్మం లేని పరిమిత వ్యవస్థలు ఉన్నాయి, వాటిలో చిన్నవి 16 సంఖ్యలవి. ఇలాంటి వ్యవస్థల అధ్యయనాన్ని మొదలుపెట్టినవాడు కూడా డిక్సనే, 1906లో.

దీని ఫలితం అందినచోట్లలో నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది జ్యామితి. రేఖలు, బిందువులు మాత్రమే ఉన్న ప్రక్షేప తలంలో డెసార్గ్ సిద్ధాంతం నిజమైతే, ఆ తలానికి నిరూపకాలు ఒక డివిజన్ రింగ్ నుంచి వస్తాయి. పాపస్ సిద్ధాంతం కూడా నిజం కావాలంటే ఆ డివిజన్ రింగ్‌లో వరస పట్టింపు ఉండకూడదు. మామూలుగా మొదటిదాన్నుంచి రెండోది రాదు, క్వాటర్నియన్లతో కట్టిన తలంలో డెసార్గ్ నిలుస్తుంది, పాపస్ నిలవదు. కాని తలంలో బిందువులు పరిమితంగా ఉంటే వెడర్‌బర్న్ సిద్ధాంతం వల్ల డెసార్గ్ ఉన్నచోట పాపస్ ఉండి తీరుతుంది. గీతలూ బిందువులూ తప్ప మరేమీ లేని ఒక మాటను, గుంపులు లెక్కపెట్టి, వృత్తం మీది దూరాలు గుణించి నిరూపించామన్నమాట.

ఇంతవరకూ ఓపిగ్గా చదివినవారు కాగితం తీసుకుని q = 3, n = 6 వేసి చూడండి. సున్న కానివి 728, ఒంటరివి 2, d విలువలు 1, 2, 3. గుంపుల పరిమాణాలు మీరే కట్టండి, x² − x + 1 లో 3 పెట్టి వచ్చిన సంఖ్య వాటన్నిటినీ భాగిస్తుందో లేదో చూడండి, ఆ తర్వాత 726ను దానితో భాగించి శేషం ఎంతో రాసుకోండి.